హాలు తెరిచే ఉంది, 50 మందికి మాత్రమే: ఒక ఫోర్స్ మజూర్ కేసు

నేను సివిల్, వినియోగదారుల కేసులు చూసే న్యాయవాదిని. ఇది పెళ్ళి హాలు బుకింగ్ మీద వచ్చిన తగాదా. ఇందులో నేను మొదట ఒక దారిలో వెళ్ళి దెబ్బతిన్నాను. తర్వాత అవే కాగితాలను ఇంకోలా చదివితే పని జరిగింది. మనిషి చేతిలో లేని విపత్తులకు ఒప్పందాల్లో వాడే 'ఫోర్స్ మజూర్' అనే మాటకు అర్థం ఎక్కడ వెతకాలో నాకు బాగా తెలిసొచ్చింది ఈ కేసులోనే, అందుకే రాసి పెడుతున్నాను. ఊరు, పేర్లు, అసలు మొత్తాలు తీసేశాను. లెక్క అర్థం కావడానికి హాలు అద్దె మొత్తం 100 అనుకుందాం. మిగతా అంకెలన్నీ ఆ నూటిలో భాగాలే.

నేపథ్యం

పెళ్ళికూతురి తండ్రి 2019 నవంబరులో హాలు బుక్ చేశారు. పెళ్ళి 2020 జూన్ మూడో వారంలో. బుకింగ్ రోజున 25 కట్టారు, ఒప్పందంలో రాసుకున్న ప్రకారం ఫిబ్రవరిలో ఇంకో 35. మిగిలిన 40 పెళ్ళికి పది రోజుల ముందు కట్టాలి.

మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చింది. మే నెలలో కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఉత్తర్వుల్లో పెళ్ళిళ్ళకు అనుమతి ఉంది, కానీ అతిథులు 50 మందికి మించకూడదు. మే 24న ఈయన హాలు మేనేజరుకు వాట్సాప్‌లో ఇలా రాశారు: "నమస్తే అండీ, పరిస్థితులు బాగాలేవు కాబట్టి బుకింగ్ క్యాన్సిల్ చేసుకుంటున్నాం. అడ్వాన్సు సంగతి చెప్పండి." అటునుంచి "ఓకే సార్, ఓనరు గారితో మాట్లాడతాను" అని వచ్చింది. పెళ్ళి అనుకున్న రోజునే ఇంట్లో, ముప్పై మంది మధ్య జరిగింది. హాలు ఆ రోజు ఖాళీగానే ఉంది.

జూన్ చివర్లో ఆయన నా దగ్గరికి వచ్చేసరికి హాలు వాళ్ళ మాట తేలిపోయింది: డబ్బు రాదు. కావాలంటే ఏడాదిలోపు ఇంకో ఫంక్షన్‌కు వాడుకోవచ్చు, అదీ అప్పటి రేటుకి. ఆయన ఇంట్లో ఇంకో పెళ్ళి లేదు.

అసలు చిక్కు

ఆయన ఫోనులో ఎవరో పంపిన ఒక కాగితం ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ 2020 ఫిబ్రవరి 19న ఇచ్చిన మెమోరాండం. కరోనా వల్ల సరఫరాలు ఆగిపోతే దాన్ని ప్రకృతి విపత్తుగా చూడవచ్చనీ, తగిన చోట ఫోర్స్ మజూర్ క్లాజు వాడుకోవచ్చనీ అందులో ఉంది. "ప్రభుత్వమే చెప్పింది కదండీ, ఇంకేం కావాలి?" అన్నారు.

ఆ కాగితం ప్రభుత్వ శాఖలు సరుకులు కొనే ఒప్పందాల గురించి. ఇద్దరు ప్రైవేటు వ్యక్తుల మధ్య ఉన్న హాలు ఒప్పందానికి అది అతకదు. అయితే ఆయన పొరపాటు వెనకున్న ఆలోచనే చాలామందిలో ఉంది: ఏదైనా పెద్ద విపత్తు వస్తే అది 'ఫోర్స్ మజూర్', అది వస్తే డబ్బు వాపసు. ఈ రెండు ముక్కల్లో ఏదీ దానంతట అది నిజం కాదు.

ఈ మాట ఫ్రెంచి చట్టం నుంచి వచ్చింది, మనిషి ఆపలేని శక్తి అని భావం. భారత కాంట్రాక్టు చట్టం, 1872లో ఈ మాటే లేదు. దానికి చట్టం ఇచ్చిన నిర్వచనమూ లేదు. దైవ చర్య అనే మాట కన్నా ఇది విశాలమైనదని సుప్రీంకోర్టు 1961లో ధన్‌రాజమల్ కేసులో చెప్పింది. ఎంత విశాలమో మాత్రం ఒప్పందంలో ఆ క్లాజు రాసిన తీరే తేలుస్తుంది. ఏ సంఘటనలు వస్తాయి, అవి ఎంత అడ్డుపడాలి, ఎవరికి అడ్డుపడాలి, అడ్డుపడితే ఏమవుతుంది, ఈ నాలుగూ ఆ క్లాజు మాటల్లోనే వెతకాలి.

మా ఒప్పందంలో క్లాజు ఇంగ్లీషులో ఉంది. తెలుగులో దాదాపు ఇలా వస్తుంది:

"దైవ చర్యలు, వరదలు, అల్లర్లు, సమ్మెలు, ప్రభుత్వ ఉత్తర్వులు లేదా యాజమాన్యం చేతిలో లేని మరే కారణం వల్లనైనా హాలును ఇవ్వలేకపోతే, అందుకు యాజమాన్యం ఎలాంటి నష్టపరిహారానికీ బాధ్యత వహించదు."

దాని కిందే క్యాన్సిలేషన్ క్లాజు. బుక్ చేసినవారు ఫంక్షన్‌కు 90 రోజుల నుంచి 30 రోజుల మధ్య క్యాన్సిల్ చేస్తే కట్టినదాంట్లో సగం పోతుంది. 30 రోజుల లోపు చేస్తే మొత్తం పోతుంది. మావాళ్ళ వాట్సాప్ సందేశం 27 రోజుల ముందు వెళ్ళింది.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు నిలబడలేదు

జూలైలో నేను పంపిన మొదటి నోటీసు ఫోర్స్ మజూర్ క్లాజు మీదే ఆధారపడింది. జాబితాలో 'ప్రభుత్వ ఉత్తర్వులు' అని ఉంది, 50 మంది పరిమితి ప్రభుత్వ ఉత్తర్వే, కాబట్టి క్లాజు వర్తిస్తుంది, కాబట్టి 60 తిరిగి ఇవ్వండి అని రాశాను. క్లాజులో సంఘటన పేరు దొరికింది కదా అన్న తొందర అది.

వాళ్ళ న్యాయవాది జవాబు రెండు పేజీలే, కానీ గట్టిగా ఉంది. ఒకటి, క్లాజు యాజమాన్యాన్ని కాపాడడానికి రాసింది, బుక్ చేసినవారికి ఏ హక్కూ ఇవ్వలేదు. రెండు, క్లాజు పనిచేయాలంటే 'హాలును ఇవ్వలేకపోవాలి'. హాలు తెరిచే ఉంది, తాళాలు ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం, 50 మందితో పెళ్ళి చేసుకోవచ్చని ఉత్తర్వే చెబుతోంది. మూడు, పెళ్ళి అసాధ్యం కాలేదు, అదే రోజున మీ ఇంట్లో జరిగింది. నాలుగు, 'క్యాన్సిల్' అన్న మాట మీ క్లయింటుదే, అందుకు వర్తించేది క్యాన్సిలేషన్ క్లాజు.

కూర్చుని చదువుకుంటే మొదటి రెండు పాయింట్లకు నా దగ్గర సరైన సమాధానం లేదు. నేను సంఘటనల జాబితాను చదివాను, క్రియను చదవలేదు. ఫోర్స్ మజూర్ క్లాజుకు ప్రాణం క్రియలో ఉంటుంది. 'ఇవ్వలేకపోతే' అన్నది చాలా కఠినమైన మాట. 'ఆటంకం కలిగితే', 'ఆలస్యమైతే', 'పూర్తిగా గానీ పాక్షికంగా గానీ నెరవేర్చలేకపోతే' అని ఉంటే వాదనకు చోటుండేది. ఇలాంటి క్లాజులను కోర్టులు సాగదీసి చదవవు. 2017లో ఎనర్జీ వాచ్‌డాగ్ కేసులో ఇండొనేషియా బొగ్గు ధర పెరిగిందని విద్యుత్ కంపెనీలు ఇదే ఆశ్రయం కోరితే, పని ఖరీదైనది కావడం వేరు, చేయలేకపోవడం వేరని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు.

అదే తీర్పులో నాకు దారి కూడా దొరికింది. సంఘటన ఒప్పందంలోని క్లాజు పరిధిలోకి వస్తే కాంట్రాక్టు చట్టం 32వ సెక్షన్ చూడాలి, అంటే ఒప్పందం చెప్పినట్టే జరగాలి. ఒప్పందం దాని గురించి మాట్లాడకపోతే 56వ సెక్షన్ వస్తుంది: ఒప్పందం కుదిరాక, ఎవరూ ఆపలేని సంఘటన వల్ల ఆ పని అసాధ్యమో చట్టవిరుద్ధమో అయితే ఒప్పందం ఆ క్షణం నుంచి చెల్లదు. వాళ్ళ జవాబులో మొదటి పాయింటునే తీసుకుంటే, బుక్ చేసినవారి పరిస్థితి గురించి ఆ క్లాజు ఏమీ మాట్లాడదు. సరే, అలాగే అనుకుందాం. అప్పుడు 32 పక్కకు వెళ్ళి 56 ముందుకు వస్తుంది. క్లాజు మాది కాదని వాళ్ళంటే, ఆ మాటే మాకు చట్టం తలుపు తీసింది.

ప్రశ్న మార్చడం

56వ సెక్షన్ కిందికి వెళ్ళినా 'పెళ్ళి ఎలాగూ జరిగింది కదా' అన్న ప్రశ్న ఎదురుగా ఉంటుంది. రెండు రోజులు ఆ కాగితాలనే తిరగేశాను. అప్పటిదాకా ఇద్దరం అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: వీళ్ళు హాల్లో పెళ్ళి చేసుకోగలిగేవారా? అడగాల్సింది వేరు: హాలు అమ్మిన వస్తువును హాలు ఇవ్వగలిగేదా?

జవాబు ఒప్పందం మూడో పేజీలో ఉంది. అది అచ్చు వేసిన పట్టిక. 'అతిథుల అంచనా సంఖ్య' అన్న గడిలో మేనేజరు నీలం ఇంకుతో 700 అని రాసి సున్నా చుట్టాడు. దాని కింద మూడు రేట్లు ఉన్నాయి: 300 మంది దాకా ఒకటి, 600 దాకా ఒకటి, అంతకు మించితే ఒకటి. మూడోదానికి టిక్కు పెట్టి ఉంది. పై హాలు, కింద భోజనాల హాలు, రెండో వంటగది, అదనపు పార్కింగ్, ఇవన్నీ ఆ మూడో రేటుకే వస్తాయి. నేను అప్పటిదాకా ఆ పేజీని జత కాగితం అనుకుని పైపైన చూశాను.

అంటే హాలు వాళ్ళు అమ్మింది నాలుగు గోడలు కాదు, 700 మంది కూర్చుని తినే వీలు. జూన్‌లో ఆ వీలు ఇవ్వడం వాళ్ళకు చట్టవిరుద్ధం. తాళం తీసి ఉంచినంత మాత్రాన వాళ్ళు తమ మాట నెరవేర్చినట్టు కాదు. పైగా వాళ్ళ జవాబులోనే '50 మందితో చేసుకోవచ్చు, అద్దెలో మార్పు ఉండదు' అని ఉంది. 300 మంది లోపు రేటు కూడా ఇవ్వకుండా, 600 దాటిన రేటుకే 50 మందికి హాలు ఇస్తామన్నారు. ఆ ఒక్క వాక్యం వాళ్ళకు బాగా నష్టం చేసింది.

దీనికి చట్టంలో పాత ఉదాహరణ ఉంది. 1902లో ఇంగ్లండ్ రాజు ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఊరేగింపు చూడడానికి ఒకతను లండన్‌లో రోడ్డు పక్క గదులు రెండు రోజులకు 75 పౌండ్లకు మాట్లాడుకుని, 25 ముందే కట్టాడు. రాజుకు అపెండిసైటిస్ వచ్చి ఊరేగింపు వాయిదా పడింది. గదులు గదుల్లాగే ఉన్నాయి, ఎవరూ అడ్డుపడలేదు. అయినా ఊరేగింపు చూడడమే ఆ ఒప్పందానికి పునాది కాబట్టి మిగిలిన 50 పౌండ్లు కట్టక్కర్లేదని 1903లో కోర్టు చెప్పింది. క్రెల్ వర్సెస్ హెన్రీ అంటారు దాన్ని. మన సుప్రీంకోర్టు కూడా సత్యవ్రత ఘోష్ కేసులో, 56వ సెక్షన్‌లోని 'అసాధ్యం' అంటే అక్షరాలా చేయలేకపోవడమే కానక్కర్లేదు, ఇద్దరి ఉద్దేశం దృష్ట్యా ఆ పని ఆచరణలో నిరుపయోగమైపోయినా చాలని చెప్పింది.

అయితే అదే పట్టాభిషేకం నుంచి ఇంకో తీర్పు ఉంది, వాళ్ళ న్యాయవాది దాన్నే పట్టుకున్నారు. నౌకాదళ సమీక్ష చూడడానికీ, సముద్రంలో నౌకల చుట్టూ తిరగడానికీ ఒకతను పడవను అద్దెకు తీసుకున్నాడు. సమీక్ష రద్దయింది, కానీ నౌకలు అక్కడే ఉన్నాయి. చుట్టూ తిరగొచ్చు కదా అని, ఒప్పందం రద్దు కాలేదని కోర్టు అంది. అది హెర్న్ బే స్టీమ్‌బోట్ కేసు. 50 మందితో పెళ్ళి అంటే సమీక్ష లేకుండా నౌకలు చూడడం లాంటిదని ఆయన వాదన. నిజం చెప్పాలంటే అది కొట్టిపారేసే వాదన కాదు. మా 700 అంకె, మూడో రేటు టిక్కు లేకపోతే నేను ఆ వాదనకు తలవంచి ఉండేవాణ్ణి. బుకింగ్‌లో అతిథుల సంఖ్య రాయకుండా 'ఒక రోజు హాలు అద్దె' అని మాత్రమే ఉన్న కేసుల్లో ఇప్పటికీ నేను క్లయింట్లకు పెద్ద ఆశ పెట్టను.

డబ్బు సంగతి

రెండో నోటీసులో నేను విడిగా రాసిన విషయం ఇది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం కూడా ఇదే. క్లాజు 'నష్టపరిహారానికి బాధ్యత వహించదు' అంటుంది. హాలు ఇవ్వకపోవడం వల్ల మీకు కలిగిన నష్టం, అంటే కొత్త శుభలేఖల ఖర్చు, వేరే హాలుకు ఎక్కువ కట్టాల్సి రావడం లాంటివి మమ్మల్ని అడగకండి అని దానర్థం. ఇవ్వని సేవకు తీసుకున్న అడ్వాన్సు మా దగ్గరే ఉంచుకుంటాం అని దానర్థం కాదు. నష్టపరిహారం వేరు, వాపసు వేరు. ఫోర్స్ మజూర్ మాట విన్నప్పుడు ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఈ రెంటినీ కలిపేస్తారు. బుక్ చేసినవారు 'ఫోర్స్ మజూర్ కాబట్టి డబ్బు వెనక్కి' అంటారు, యజమాని 'ఫోర్స్ మజూర్ కాబట్టి డబ్బు ఇవ్వను' అంటాడు. క్లాజు చాలాసార్లు డబ్బు గురించి అసలు మాట్లాడనే మాట్లాడదు.

క్లాజు మాట్లాడని చోట చట్టం మాట్లాడుతుంది. ఒప్పందం చెల్లకుండా పోయినప్పుడు, దాని కింద లాభం పొందినవారు దాన్ని తిరిగి ఇవ్వాలి లేదా పరిహారం చెల్లించాలి అని 65వ సెక్షన్ చెబుతుంది. దీని విలువ తెలియాలంటే మళ్ళీ ఆ ఊరేగింపు గదుల కేసు చూడాలి. అక్కడ ముందే కట్టిన 25 పౌండ్లు అతనికి తిరిగి రాలేదు. ఇంగ్లండ్‌లో ఈ విషయం సర్దుకోవడానికి 1943లో ప్రత్యేక చట్టం చేయాల్సి వచ్చింది. మనకు 1872 నుంచీ ఆ సెక్షన్ ఉంది.

ఇంకో చిన్న అడ్డంకి కూడా దాటాల్సి వచ్చింది. రసీదులో 'అద్దె' అని ఉంది కాబట్టి ఇది లీజు, లీజుకు 56 వర్తించదు అన్నారు వాళ్ళు. కుదిరిపోయిన లీజుకు 56వ సెక్షన్ వర్తించదన్నది నిజమే, సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. కానీ ఒక రోజు హాలు వాడుకోవడానికి ఇచ్చేది లీజు కాదు, అది అనుమతి మాత్రమే. తాళాలు వాళ్ళ దగ్గరే ఉంటాయి, వాచ్‌మన్, కరెంటు, శుభ్రత వాళ్ళవే, స్వాధీనం మన చేతికి రాదు. ఒప్పందంలోని 'యాజమాన్యం సిబ్బంది ఎప్పుడైనా లోపలికి రావచ్చు' అన్న షరతు చూపిస్తే ఈ వాదన అక్కడితో ఆగింది.

'క్యాన్సిల్' అన్న మాట

ఆ వాట్సాప్ సందేశం కేసు చివరి దాకా మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. మా వాదన ఏమిటంటే, 56 కింద ఒప్పందం దానంతటదే చెల్లకుండా పోతుంది. చెల్లని ఒప్పందాన్ని ఎవరూ క్యాన్సిల్ చేయలేరు, ఆ సందేశం సమాచారం చెప్పడమే. వాళ్ళ వాదన: మే 24న జూన్ మూడో వారంలో ఏ నియమం ఉంటుందో ఎవరికి తెలుసు? పరిమితి ఎత్తేసి ఉంటే? మీరు తొందరపడి తప్పుకున్నారు, అది క్యాన్సిలేషనే.

మే 30న వచ్చిన తర్వాతి ఉత్తర్వులోనూ అదే 50 మంది పరిమితి కొనసాగింది, పెళ్ళి నాడు కూడా అదే ఉంది. అది మాకు కలిసొచ్చింది. కానీ అది తర్వాత జరిగినది. సందేశం పంపిన రోజున ఆయనకు ఆ భరోసా లేదు. జడ్జి ఈ పాయింటు మీద ఎటు మొగ్గుతారో నేను చెప్పలేకపోయాను, క్లయింటుకూ అదే చెప్పాను.

ఫిబ్రవరిలో కట్టిన 35 మీద కూడా ఒక ప్రశ్న వచ్చింది. అప్పటికే కరోనా వార్తలు ఉన్నాయి, తెలిసే కట్టారు కదా అన్నారు. ముందే తెలిసిన సంఘటనను ఫోర్స్ మజూర్ అనడం కష్టం, ఆ సూత్రం నిజమే. కానీ చూడాల్సింది ఒప్పందం కుదిరిన రోజు, అది 2019 నవంబరు. ఫిబ్రవరిలో కట్టింది ఆ ఒప్పందం ప్రకారం కట్టక తప్పని వాయిదా. ఇదే బుకింగ్ 2020 ఆగస్టులో జరిగి ఉంటే నేను ఈ కేసు తీసుకునేవాణ్ణి కాదేమో.

పని జరిగింది ఎలా

రెండో నోటీసులో 60 అంతా అడుగుతూనే ఒక మాట చేర్చాను: ఈ బుకింగ్ కోసం మీరు ప్రత్యేకంగా పెట్టి, తిరిగి రాని ఖర్చు ఏదైనా ఉంటే వోచర్లతో చూపించండి. ఇలా ఎందుకు రాశావని నా జూనియర్ అడిగాడు. 65వ సెక్షన్‌లో ఖర్చులు మినహాయించుకోవచ్చని స్పష్టంగా లేదు, మనమే ఎందుకు ఒప్పుకోవాలి అని. నా లెక్క వేరు. 'మొత్తం పోయింది' అనే యజమానిని 'ఎంత పోయింది' అనే లెక్కలోకి దింపితే సగం పని అయినట్టే. లెక్క మొదలుపెట్టాక మొత్తం ఉంచుకుంటానని ఎవరూ అనలేరు.

జవాబు రాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందం అనే కొత్త ఆశ్రయం ఉంది, కానీ ఆ వాదన రాష్ట్ర కమిషన్‌కే వెళ్ళాలి. ఈ మొత్తానికి అంత దూరం తీసుకెళ్ళడం ఆయనకు భారమని సేవా లోపం కిందే ఉంచాను. రెండువైపులా ఒప్పుకోవడంతో కమిషన్ మీడియేషన్‌కు, అంటే మధ్యవర్తి ముందు రాజీ మాటలకు పంపింది.

మీడియేషన్‌లో యజమాని స్వయంగా వచ్చారు. నేను చట్టం గురించి పెద్దగా మాట్లాడలేదు. మూడో పేజీ ముందు పెట్టి, 700 అంకె, మూడో రేటు టిక్కు చూపించి, "ఆ రోజు మీరు ఇవి ఇవ్వగలిగేవారా అండీ?" అని అడిగాను. ఆయన కాసేపు ఆ పేజీ చూసి, "ఇవ్వలేం, కానీ మా జీతాలు ఎవరిస్తారండీ?" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. ఆ నెలల్లో ఆయన హాలుకు ఆదాయం లేదు. కానీ సిబ్బంది జీతాలు ఈ ఒక్క బుకింగ్ కోసం పెట్టిన ఖర్చు కాదని మీడియేటర్ గారు ఆయనకు ఓపిగ్గా చెప్పారు. లైటింగ్ కాంట్రాక్టరుకు ఇచ్చి తిరిగి రాని మొత్తం, భోజనాల హాలుకు ఈ తేదీ కోసమే తెప్పించిన అదనపు కుర్చీల బయానా, ఈ రెంటికీ వోచర్లు తెచ్చారు. అది 7.

ఆ 7 మేం వదులుకున్నాం. దానిమీద ఇంకో 5 కూడా వదులుకున్నాం. ఆ 5 'క్యాన్సిల్' అన్న మాటకు కట్టిన ధర. కేసు నడిపితే 60కి 60 రావచ్చు, క్యాన్సిలేషన్ క్లాజు నిలబడి ఏమీ రాకపోవచ్చు, అప్పీళ్ళతో ఏళ్ళు పట్టవచ్చు. ఆయనతో ఇదంతా విడిగా కూర్చుని మాట్లాడాను. "ఇంట్లో అందరూ ఇది మర్చిపోవాలని ఉంది సార్" అన్నారు. 48 రెండు చెక్కులుగా వచ్చింది, రెండో చెక్కు కూడా పాసయ్యాకే ఫిర్యాదు ముగించాం.

తర్వాత నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ బుకింగ్ కాగితం వచ్చినా నేను ముందు ఫోర్స్ మజూర్ క్లాజు చదవను. ఏమి అమ్మారో చెప్పే పేజీ చదువుతాను. ఆ తర్వాతే క్లాజుకు వచ్చి, జాబితా వదిలేసి క్రియ కింద గీత గీస్తాను, ఆ క్రియకు కర్త ఎవరో చూస్తాను, చివర డబ్బు గురించి ఏమైనా ఉందేమో చూస్తాను. మా కేసులో కర్త యాజమాన్యం ఒక్కటే, డబ్బు గురించి ఒక్క ముక్క లేదు. నేను చూసిన హాలు ఒప్పందాల్లో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి.

ఇల్లు, షాపు అద్దెలకు ఈ కేసును చూపించి అడిగేవారు ఉంటారు. అక్కడ దారి వేరు. లీజుకు 56 కాదు, ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ వర్తిస్తుంది. అగ్ని, తుఫాను, వరద లాంటి వాటివల్ల ఆస్తిలో ముఖ్యమైన భాగం పూర్తిగా పాడైనా, చాలావరకు శాశ్వతంగా పనికిరాకుండా పోయినా లీజు వదులుకునే హక్కు ఉంటుంది. కొన్ని వారాలు షాపు మూసి ఉంచాల్సి రావడం దానికి సరిపోదని 2020 మేలో ఢిల్లీ హైకోర్టు అద్దె మాఫీ అడిగిన ఒక కిరాయిదారుకు చెప్పింది. లీజు ఒప్పందంలోనే అద్దె ఆపుకోవచ్చని ఫోర్స్ మజూర్ క్లాజు ఉంటే మాత్రం దాన్నే చూడాలి.

ప్రయాణ టికెట్లలో అయితే 'ఎవరు రద్దు చేశారు' అన్నదే మొదటి ప్రశ్న. లాక్‌డౌన్‌లో విమాన టికెట్ల వాపసు మీద సుప్రీంకోర్టు 2020 అక్టోబరు 1న ఇచ్చిన తీర్పు ఆ ప్రత్యేక కాలానికి సంబంధించినది. మామూలు రోజుల్లో విమానం వెళ్ళేది ఉండగా భయంతో మనం మానుకుంటే అది మన క్యాన్సిలేషన్ కిందికే వస్తుంది. అందుకే ప్రయాణాల విషయంలో నేను చెప్పేది, వీలైనంత వరకు అటువైపు రద్దు చేసే దాకా ఆగమని. కానీ క్యాన్సిలేషన్ గడువులు ముంచుకొస్తుంటే ఆగడంలో కూడా నష్టం ఉంటుంది, అది టికెట్ షరతులు చూసి తేల్చుకోవాల్సిందే.

హాలు విషయంలో అయితే 'క్యాన్సిల్' అన్న మాట వాడకుండా ఇలా రాయమంటాను: "ఫలానా తేదీ ఉత్తర్వు వల్ల ఒప్పందంలో రాసుకున్న 700 మందికి ఆ రోజు హాలు ఇవ్వడం మీకు సాధ్యమో కాదో రాతపూర్వకంగా తెలపండి. సాధ్యం కాకపోతే కట్టిన మొత్తం తిరిగి ఇవ్వండి. ఇది క్యాన్సిలేషన్ కాదు." నోటీసు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో క్లాజులో ఉంటే ఆ గడువు దాటకూడదు, ఒప్పందంలో రాసిన చిరునామాకే వెళ్ళాలి, వాట్సాప్ దానికి అదనం మాత్రమే.

గత ఏడాది అదే క్లయింటు తన తమ్ముడి కూతురి పెళ్ళికి వేరే హాలు బుక్ చేస్తూ ఒప్పందం నాకు పంపారు. పాత క్లాజే, దాదాపు అక్షరం మారలేదు. దాని కింద ఒక వాక్యం చేర్చమని చెప్పాను: "ప్రభుత్వ ఉత్తర్వు లేదా ఇరువురి చేతిలో లేని మరే కారణం వల్లనైనా పైన రాసిన అతిథుల సంఖ్యలో సగానికి కూడా హాలు వాడుకోలేని పరిస్థితి వస్తే, వోచర్లతో చూపిన ఖర్చు మినహాయించి కట్టిన మొత్తాన్ని 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, లేదా బుక్ చేసినవారు కోరితే అదే అద్దెకు వేరే తేదీ ఇవ్వాలి." హాలు మేనేజరు మొదట అచ్చు కాగితం మార్చడం కుదరదన్నాడట. ఓనరుకు ఫోన్ చేసి మాట్లాడాక, మార్జిన్‌లో పెన్నుతో రాయించి, పక్కన ఇద్దరి చేతా పొట్టి సంతకాలు పెట్టించాడు.